అన్ని మాత్రలూ నూరి పెట్టవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. మాట, నడక కాస్త కుదుటపడ్డాయి గానీ మాత్రలు గొంతు దిగడం లేదు. అందుకని పొద్దున ఎనిమిదింటికి వేయాల్సినవన్నీ కలిపి కల్వంలో నూరి, తేనెతో నాకిస్తున్నాం. రాత్రివీ అంతే. ఈమధ్య పదింటికల్లా కళ్లు తిరుగుతున్నాయని పడుకుంటున్నారు. పొద్దున మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ 50, ఆస్పిరిన్ 75, పాంటోప్రజోల్ 40 వేస్తున్నాం. లెవెటిరాసిటామ్ 500 రెండు పూటలా ఉంది. రాత్రికి అటోర్వాస్టాటిన్ 40, మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ 1000. మందుల షాపాయన అన్నీ సిరప్‌లు రాయించుకోమంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు నాలుక మీద కరిగే స్ట్రిప్స్ పంపిస్తానంటున్నాడు. ఏది మంచిది?
– ఎస్.ఎల్., తణుకు

జవాబు: ముందు ఆ కళ్లు తిరగడం సంగతి చూద్దాం. సిరప్పా, స్ట్రిప్పా అన్నది తర్వాత. మీరు రాసిన మందుల్లో నాకు మొదట అనుమానం వచ్చింది మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ మీద. పేరు చివర ఉన్న ఆ రెండక్షరాలకు అర్థం, ఈ మాత్ర మందును ఒక్కసారిగా వదలదు, దాదాపు రోజంతా కొంచెం కొంచెంగా వదులుతుంది అని. కొన్ని కంపెనీల మాత్రల్లో వందలాది సన్నటి పూసలుంటాయి, ఒక్కో పూసకు ఒక్కో పొర ఉంటుంది. కొన్నింటిలో మందు ఒక జిగురు పదార్థంలో ఇమిడి ఉంటుంది. ఏ పద్ధతైనా కల్వంలో పడితే అది చెదిరిపోతుంది. రోజంతా పారాల్సిన కాలువ నీళ్లను ఒక్క గంటలో వదిలేసినట్టు, 24 గంటల మందు ఒకటి రెండు గంటల్లో రక్తంలోకి వచ్చేస్తుంది. నాడి నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. ఎనిమిదింటికి వేస్తే పదింటికి కళ్లు తిరగడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతోంది.

రెండో సగం కూడా ఉంది, అది బయటికి కనిపించదు. మెటోప్రొలాల్ శరీరంలో ఎక్కువసేపు నిలవదు. మూడు నుంచి ఏడు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. కాబట్టి నూరి పెట్టిన మందు రాత్రికి చాలావరకు అయిపోయి ఉంటుంది. పొద్దున బీపీ అవసరానికి మించి తగ్గి, రాత్రంతా సరిపడా మందు లేకుండా గడుస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషికి ఈ రెండూ మంచివి కావు.

ఇది ఊహేనా, నిజమేనా అన్నది ఇంట్లోనే చాలావరకు తెలుసుకోవచ్చు. బీపీ మిషన్ ఉంటే మందులు వేసే ముందు ఒకసారి, పదింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి బీపీ, నాడి రెండూ రాయండి. పదింటికి పడిపోయి సాయంత్రానికి బాగా పెరుగుతుంటే నా అనుమానం బలపడినట్టే. కళ్లు తిరిగిన సమయంలో షుగర్ కూడా ఒకసారి చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ బాగా పడిపోవడం అరుదు, కానీ సరిగా తినని రోజుల్లో దాన్నీ చూసుకోవాలి. ఫిట్స్‌కిచ్చే లెవెటిరాసిటామ్ వల్ల కూడా కొందరికి మత్తుగా, తూలినట్టుగా ఉంటుంది. అయితే అది మందు మొదలుపెట్టిన రోజుల్లోనే ఎక్కువ. నాడి 50 కంటే తగ్గినా, స్పృహ తప్పినా, మాట మళ్లీ ముద్దగా వచ్చినా లెక్కలు రాస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మెటోప్రొలాల్ నూరడం ఈ రోజే ఆపండి, కానీ మెటోప్రొలాల్ వేయడం మాత్రం మానొద్దు. అలవాటైన ఈ మందు హఠాత్తుగా ఆగితే బీపీ, గుండె వేగం ఎగదన్నుతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి కూడా రావచ్చు. డాక్టర్‌కు ఇవాళే ఫోన్ చేసి అడగండి. చాలా ఎక్స్ఎల్ మాత్రలకు మధ్యలో గీత ఉంటుంది. గీత ఉంటే దాని మీద రెండు ముక్కలు చేసి, నమలకుండా మింగవచ్చు. సగం చేయడం వేరు, పొడి చేయడం వేరు. సగం ముక్కలు దిగగలిగితే సమస్య అక్కడికి తీరుతుంది. అవీ దిగకపోతే డాక్టర్ సాదా మెటోప్రొలాల్‌కు మార్చవచ్చు. అది రోజుకు ఒకసారి కాక రెండుసార్లు, ఉదాహరణకు 25 చొప్పున వేయాల్సి వస్తుంది. దాన్ని నూరవచ్చు. రోజు మొత్తానికి మోతాదు అంతే, మీరు చేసే పని మాత్రం ఒకసారి పెరుగుతుంది. మాత్ర రకం మారిందంటే టైం టేబుల్ కూడా మారుతుందని గుర్తుంచుకోండి.

ఇక ఆస్పిరిన్, పాంటోప్రజోల్. వీటిని రెంటినీ కలిపే చూడాలి. గుండెకూ పక్షవాతానికీ మన దగ్గర ఎక్కువగా ఇచ్చే ఆస్పిరిన్ 75 మాత్ర పై పొర కడుపులోని ఆమ్లంలో కరగదు, పేగుల్లోకి వెళ్లాకే కరుగుతుంది. మందు నేరుగా కడుపు గోడ మీద పడి ఇబ్బంది పెట్టకుండా ఆ ఏర్పాటు. పాంటోప్రజోల్‌కు కూడా అలాంటి పొరే ఉంటుంది గానీ కారణం వేరు. అక్కడ కడుపును మందు నుంచి కాదు, మందును కడుపు నుంచి కాపాడాలి. ఆమ్లం తగిలితే పాంటోప్రజోల్ చెడిపోతుంది. నూరిన పాంటోప్రజోల్‌లో చాలా భాగం పేగుకు చేరకముందే పనికిరాకుండా పోతుంది. అంటే ఇప్పుడు నాన్నగారి కడుపులోకి పొర లేని ఆస్పిరిన్ వెళ్తోంది, దాని నుంచి కాపాడాల్సిన గ్యాస్ మాత్ర మాత్రం సరిగా పనిచేయడం లేదు. మలం తారులా నల్లగా వస్తోందా, కడుపులో మంట ఉందా అని ఆయన్ని అడగండి. సిగ్గుపడి చెప్పకపోవచ్చు, మీరే చూడండి. నల్లగా ఉంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

గుండెపోటు వచ్చినప్పుడు ఆస్పిరిన్‌ను నమలమని డాక్టర్లే చెబుతారు కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే. అక్కడ కావాల్సింది వేగం. నమిలితే మందు నిమిషాల్లో రక్తంలో కలుస్తుంది. ఆ ఒక్కసారికి కడుపు మంట పెద్ద లెక్కలోకి రాదు. ఏళ్ల తరబడి రోజూ వేసుకునేటప్పుడు లెక్క మారుతుంది.

ఈ రెండింటికీ దారులున్నాయి. ఆస్పిరిన్‌ను పొర లేని, నీళ్లలో కరిగే రకానికి మార్చి, తిన్న తర్వాత ఇవ్వవచ్చునా అని డాక్టర్‌ను అడగండి. గ్యాస్ మందు సరిగా పనిచేస్తూ ఉంటేనే ఈ మార్పుకు ధైర్యం చేయాలి. పాంటోప్రజోల్ బదులు లాన్సొప్రజోల్ అనే దగ్గరి చుట్టం మందు నోట్లో కరిగే మాత్రగా దొరుకుతుంది. నాలుక మీద పెడితే మాత్ర విడిపోయి సన్నటి రవ్వలు మిగులుతాయి. ఆ రవ్వల్లో ప్రతిదానికీ విడిగా పొర ఉంటుంది. వాటిని నమలకుండా మింగాలి. ఒమెప్రజోల్ క్యాప్సూల్‌లోనూ ఇలాంటి పొర ఉన్న పూసలే ఉంటాయి. క్యాప్సూల్ విప్పి, ఆ పూసలను ఒక చెంచా ఆపిల్ గుజ్జు మీద చల్లి వెంటనే మింగించవచ్చు. అయితే మీ నాన్నగారికి ఎప్పుడైనా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ కూడా రాస్తే, ఒమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తుంది. అందుకే ఈయన విషయంలో లాన్సొప్రజోల్ గురించే ముందు అడగమంటాను. ఏదైనా సరే, టిఫిన్‌కు అరగంట ముందు వేయాలి.

క్యాప్సూల్ విప్పవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. లోపల మామూలు పొడి ఉంటే చాలావరకు విప్పవచ్చు. పూసలుంటే విప్పవచ్చు గానీ పూసలను నలపకూడదు. నూనె లాంటి ద్రవం ఉన్న మెత్తటి క్యాప్సూల్‌ను సూదితో పొడిచి పిండితే ఎంత బయటికొచ్చిందో, ఎంత లోపల మిగిలిందో తెలియదు. కాబట్టి దాన్ని అలాగే వదిలి, వేరే రకం అడగాలి.

మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ 1000 గురించి. అది చాలా పెద్ద మాత్ర. మీ నాన్నగారి గొంతులో మొదట అడ్డుపడింది ఇదే అయి ఉంటుందని నా అనుమానం. ఇదీ నెమ్మదిగా వదిలే రకమే. కడుపులో నీరు పీల్చుకుని జెల్లీలా ఉబ్బి, గంటల తరబడి మందును వదులుతుంది. నూరితే వెయ్యి మిల్లీగ్రాములూ ఒక్కసారే దిగుతాయి. మెటోప్రొలాల్ అంత ప్రమాదం ఉండదు గానీ వికారం, కడుపు ఉబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. దీనికి పరిష్కారం సులువు. సాదా మెట్‌ఫార్మిన్ 500 మాత్రను పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అన్నంతో వేయవచ్చు. డాక్టర్ ఒప్పుకుంటే దాన్ని నూరినా ఫర్వాలేదు. చేదుగా ఉంటుంది, అంతే. తేనె మాత్రం వద్దు. షుగర్ ఉన్న మనిషికి రెండు పూటలా అనవసరమైన తీపి అది. మెత్తగా చిదిమిన పెరుగన్నం ఒక చెంచా చాలు.

అటోర్వాస్టాటిన్‌కు కూడా పై పొర ఉంటుంది గానీ అది నున్నగా జారడానికి, చేదు తెలియకుండా ఉండటానికి వేసిన పలుచటి పూత. దాన్ని నూరవచ్చు. మెరిసే మాత్రలన్నీ నూరకూడనివి కావు, మెరవనివన్నీ నూరదగినవీ కావు. కంటితో చూసి చెప్పలేం. మాత్రల ప్యాకింగ్ మీద పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఎక్స్ఎల్, ఈఆర్, సీఆర్, పీఆర్ అని ఉంటే నెమ్మదిగా వదిలే రకం. ఈసీ, డీఆర్, గ్యాస్ట్రో రెసిస్టెంట్ అని ఉంటే పేగుల్లో కరిగే రకం. ఈ అక్షరాలు పేరు పక్కన కనిపించకపోయినా, కింద చిన్న అక్షరాల్లో రాసే వివరంలో ఉంటాయి. షాపులో అదే చదివి చెప్పమనండి. వీటిలో ఏది కనిపించినా కల్వం జోలికి వెళ్లొద్దు.

ఇక షాపాయన చెప్పిన సిరప్‌లు. లెవెటిరాసిటామ్‌కు ఆ సలహా చక్కగా పనికొస్తుంది. దాని సిరప్ మన దగ్గర సాధారణంగా ఒక ఎం.ఎల్.కు 100 మిల్లీగ్రాముల లెక్కన దొరుకుతుంది. అంటే 500 మాత్రకు బదులు 5 ఎం.ఎల్. సీసా మీద ఆ అంకె చూసుకున్నాకే కొలవండి. వంటింటి చెంచాతో వద్దు. చెంచాల సైజులు ఇంటింటికీ మారుతాయి, ఫిట్స్ మందు ఆ తేడాకు వదిలేసేది కాదు. సూది లేని 5 ఎం.ఎల్. సిరంజి ఒకటి కొనుక్కుంటే కచ్చితంగా వస్తుంది. షుగర్ ఉంది కాబట్టి చక్కెర లేని రకమేనా అని సీసా మీద చూడండి.

అన్ని సిరప్‌లూ ఒకటి కావని కూడా చెప్పాలి. లెవెటిరాసిటామ్ సిరప్‌లో మందు పూర్తిగా కరిగి ఉంటుంది. ఫిట్స్‌కే ఇచ్చే ఫెనిటాయిన్ సస్పెన్షన్‌లో మందు కరగదు, తేలుతూ ఉంటుంది, నిలవుంచితే అడుక్కి చేరుతుంది. బాగా కుదపకుండా పోస్తే సీసా మొదట్లో పలుచటి మందు వచ్చి ఫిట్స్ తిరగబెట్టవచ్చు. చివరికొచ్చేసరికి చిక్కటి మందు వచ్చి తూలడం, కళ్లు అదరడం మొదలవుతాయి. ఎవరింట్లోనైనా ఆ మందు ఉంటే సీసాను ప్రతిసారీ కుదపండి.

కానీ 'అన్నీ సిరప్‌లే' అన్న మాట దగ్గర నేను ఆగుతాను. పక్షవాతం తర్వాత మింగడం దెబ్బతిన్నవాళ్లకు చాలాసార్లు గట్టి పదార్థం కంటే పలుచటి ద్రవమే ప్రమాదం. నీళ్లు వేగంగా జారిపోతాయి. బలహీనపడిన గొంతు కండరాలు శ్వాసనాళాన్ని మూసేలోపే అవి అటు వెళ్లిపోతాయి. పలుచటి సిరప్ కూడా అంతే. మీ ఉత్తరంలో ఈ విషయం లేదు కాబట్టి అడుగుతున్నాను. ఆయన మంచినీళ్లు తాగినప్పుడు పొలమారుతోందా? తాగాక గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడుతోందా? ఈ నాలుగు నెలల్లో కారణం తెలియకుండా జ్వరం, దగ్గు వచ్చి పోతున్నాయా? ఒక్కదానికి అవునన్నా, మందుల రకం మార్చడానికి ముందే మింగే పరీక్ష చేయించాలి. పెద్ద ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టులు చేస్తారు. కొందరికి పొలమారకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి దగ్గు రాకపోయినా, మాత్రలు దిగడం లేదంటేనే ఆ పరీక్షకు కారణం ఉన్నట్టు. ఎంత చిక్కగా ఇవ్వాలి, తల ఎలా ఉంచాలి అన్నది వాళ్లు చూసి చెబుతారు. ఆ చిక్కదనానికి తగ్గట్టు సిరప్‌ను ఒక చెంచా చిక్కటి జావలో కలిపి ఇవ్వవచ్చు. గిన్నెడు జావలో కలపకండి. సగం తిని వద్దంటే సగం మందే లోపలికి వెళ్లినట్టు.

తమ్ముడు పంపిస్తానన్న స్ట్రిప్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. అతని ఆరాటం నాకు అర్థమైంది. తపాలా బిళ్లంత పలుచటి పొర అది. అందులో పట్టే మందు చాలా తక్కువ, సాధారణంగా కొన్ని పదుల మిల్లీగ్రాములు మించదు. వాంతులకిచ్చే ఒండాన్‌సెట్రాన్ 4, 8 మిల్లీగ్రాముల మందు, అందుకే అది స్ట్రిప్‌గా కుదిరింది. మెట్‌ఫార్మిన్ 1000, లెవెటిరాసిటామ్ 500 అందులో ఇమడవు. రోజంతా వదలాల్సిన మెటోప్రొలాల్‌ను నిమిషంలో కరిగిపోయే పొరలో పెట్టడంలో అర్థమే లేదు.

ఇంకో అపోహ కూడా ఉంది. నాలుక మీద కరిగితే మందు అక్కడి నుంచే రక్తంలో కలిసి వెంటనే పనిచేస్తుందని అనుకుంటారు. చాలా స్ట్రిప్‌లూ, నోట్లో కరిగే ఎండీ మాత్రలూ అలా పనిచేయవు. అవి ఉమ్మిలో విడిపోతాయి, ఆ ఉమ్మిని మింగాక మందు మామూలుగా కడుపు, పేగుల దారినే వెళ్తుంది. నీళ్ల అవసరం తప్పుతుంది, వేగం పెద్దగా పెరగదు. నాలుక కింద పెట్టుకునే ఛాతీ నొప్పి మాత్ర సార్బిట్రేట్ సంగతి వేరు. అది నోటి పొర గుండానే రక్తంలోకి వెళ్లేది. దాన్ని మింగేస్తే ఆలస్యమవుతుంది. నోరు ఎండిపోయేవాళ్లకు స్ట్రిప్ అంగిలికి అతుక్కుపోతుంది. ముందు నోరు తడపాలి, స్ట్రిప్‌ను పొడి చేత్తోనే పట్టుకోవాలి.

అమెరికాలో మీ తమ్ముడికి దొరకగలిగేది మరొకటి ఉంది. లెవెటిరాసిటామ్‌తోనే త్రీడీ ప్రింటింగ్ పద్ధతిలో చేసిన స్ప్రిటామ్ అనే మాత్రకు అక్కడి ఎఫ్‌డీఏ 2015లో అనుమతి ఇచ్చింది. మోతాదు పెద్దదైనా ఒక గుక్క నీళ్లతో నోట్లో విడిపోతుంది. కానీ దానికి అక్కడి డాక్టర్ చీటీ కావాలి, నెలనెలా తెప్పించుకోవాలి, ఒక నెల ఆలస్యమైతే ఫిట్స్ మందు ఆగిపోతుంది. తణుకులో సిరప్ దొరుకుతుండగా ఆ తిప్పలు అక్కర్లేదు.

నూరదగిన వాటిని నూరేటప్పుడు ఒక్కో మందునూ విడిగా నూరి, విడి చెంచాలో ఇవ్వండి. అన్నీ కలిపితే ఏది ఎంత మిగిలిందో తెలియదు. కల్వానికి అంటిన పొడిని కొద్ది నీళ్లతో కడిగి అదే చెంచాలో కలపండి. చిన్న మోతాదు మాత్రల్లో ఆ అంటిన పొడి కూడా లెక్కే. ఆయన్ని పూర్తిగా కూర్చోబెట్టి ఇవ్వాలి, తల వెనక్కి వాల్చకూడదు. అరగంట దాకా పడుకోనివ్వకండి. ఇంట్లో గర్భవతులుంటే ఈ నూరే పని వాళ్లకు అప్పగించకండి. ఈ ఆరు మందుల కోసమే కాదు, రేపు ఇంకేది చేరినా అదే పద్ధతి మేలు. మెథోట్రెక్సేట్ లాంటి కొన్ని మందుల పొడి తగలడమే కడుపులో బిడ్డకు హాని.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆరు స్ట్రిప్‌లూ, మీరు రాసిన బీపీ, నాడి అంకెలూ తీసుకెళ్లండి. 'నాన్నగారు మింగలేకపోతున్నారు, ఇన్నాళ్లూ అన్నీ నూరి పెట్టాం' అని మొదటి మాటగా చెప్పండి. అది చెప్పకపోతే పదింటి బీపీ చూసి మోతాదు తగ్గించే అవకాశం ఉంది. అప్పుడు రాత్రివేళ మందు ఇంకా తక్కువ పడుతుంది. తర్వాత వరుసగా అడగండి: మింగే పరీక్ష ఎక్కడ చేయించాలి, ఎక్స్ఎల్‌ను సగం చేయాలా, రెండు పూటల సాదా మాత్రకు మారాలా, పాంటోప్రజోల్‌కు బదులు నోట్లో కరిగే లాన్సొప్రజోల్ సరిపోతుందా, ఆస్పిరిన్ ఏ రకం, మెట్‌ఫార్మిన్ 500 రెండుసార్లుగా చేయవచ్చా, లెవెటిరాసిటామ్ సిరప్ 5 ఎం.ఎల్. రెండు పూటలా సరేనా. రకం మారిన తర్వాత వారం పాటు అవే మూడు వేళల్లో బీపీ, నాడి మళ్లీ రాయండి. పదింటి అంకె, సాయంత్రం అంకె దగ్గర దగ్గరగా వస్తుంటే మందు రోజంతా సమంగా అందుతున్నట్టు. మందుల రకం మారాక కూడా పదింటికి కళ్లు తిరుగుతుంటే కారణం వేరే ఉంది. అప్పుడు గుండె లయ, పడుకుని లేచినప్పటి బీపీ తేడా చూడమని డాక్టర్‌నే అడగాలి.